ఉప్పు అడిగిన ఒళ్లు

“దాన్ని కదపొద్దురా! పసరు పని సేత్తన్నాది. లోపలున్న కామెర్లన్నీ కక్కీసి బాగుపడతాది.”

పోతమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆమె వెనక, గోనెపట్టా మీద కోడలు సూర్యకళ పక్కకి ఒరిగిపోయి ఉంది. పెదవుల చివర పచ్చటి నురగ ఎండి అట్టకట్టింది.

గురువులు అప్పుడే వేట నుంచి వచ్చాడు. నాలుగు రోజులు సముద్రం మీద ఉన్న ఒంటికి ఇంకా డీజిలు వాసన పోలేదు. చేతిలో ఉన్న చేపల సంచి గుమ్మంలోనే వదిలేశాడు.

“ఎప్పటినుంచి ఇలగ పడున్నాదమ్మా?”

“నిన్న పొద్దుగూకినకాడి నుంచి.”

“కూడు తిన్నాదా?”

“సప్పిడి గంజి పోసినాను. ఆరు రోజులైనాది పథ్యం మొదలెట్టి. తొమ్మిది రోజులు ఉప్పుగల్లు నోట్లో పడకూడదని పసరోడు మరీమరీ సెప్పినాడు. మద్దిలో మానేత్తే మందు తిరగబడతాది.”

పది రోజుల కిందట సూర్యకళ ఏది తిన్నా కక్కేస్తుంటే, మొహం కమిలిపోయినట్టు నల్లబడుతుంటే, జాలరిపేటలో నలుగురూ చేరి అవి నల్లకామెర్లని తేల్చారు. అంతకు ముందు మూడేళ్లుగా తలా ఒక పేరు పెట్టారు. రక్తం తక్కువన్నారు, నరాల నీరసమన్నారు. దిష్టి అన్నారు. పోతమ్మ మాత్రం మొదటినుంచీ ఒకటే మాట అంది, ఒళ్లొంగని తనమని.

గురువులు తల్లిని పక్కకి నెట్టి లోపలికి వచ్చాడు. భార్య బుగ్గ మీద చెయ్యి వేశాడు. చల్లగా, జిగటగా ఉంది.

“కళా! ఒలే కళా!”

సూర్యకళ కళ్లు తెరవలేదు. పెదవులు మాత్రం కదిలాయి.

“ఉప్పు,” అంది.

“సూసినావా?” పోతమ్మ గొంతు లేచింది. “సావుకి దగ్గరపడినా అదే యావ. మొన్న ఎండుసేపల తొట్టికాడ కూకుని గుప్పెడు గల్లుప్పు నోట్లో కుక్కుకుంటన్నాది. సెయ్యి మీద కొట్టి లాగీసినాను. మడిసి తినే తిండేనా అది?”

గురువులు తల్లి వైపు చూశాడు. భార్యని భుజాన వేసుకున్నాడు. ఇరవై నాలుగేళ్ల మనిషి, తడిసిన వలంత బరువు కూడా లేదు.

“ఆసుపత్రికెల్తే పసరు సంగతి సెప్పకురా! వోళ్లు తిడతారు!”

“ముందు నువ్వు ఆటో ఎక్కు. అడిగితే నువ్వే సెప్పాల.”

*

పెద్దాసుపత్రిలో కుర్ర డాక్టరు రెండు సార్లు పట్టీ చుట్టి చూశాడు. పై రక్తపోటు అరవై. కింది అంకె అందలేదు. రక్తంలో చక్కెర నలభై ఎనిమిది. వాంతులతో ఒంట్లో నీరు పోయిందనుకుని సెలైన్, గ్లూకోజు మొదలుపెట్టాడు. రెండు సీసాలు ఎక్కాయి. రక్తపోటు డెబ్బై దాటలేదు.

మూడో సీసా పెడుతుండగా డాక్టర్ జయమణి వచ్చింది. యాభై ఏళ్ల మనిషి. మంచం దగ్గరికి రాగానే కేసు షీటు చూడలేదు, సూర్యకళ చెయ్యి అందుకుని అరచెయ్యి పైకి తిప్పింది.

“ఈ అమ్మాయి ఎండలో పనిచేస్తుందా?”

“అవునమ్మా,” అన్నాడు గురువులు. “ఒడ్డుమీద సేపలు ఎండబెడతాది. అందుకే నలుపు.”

“ఎండ చేతుల పైభాగాన్ని నల్లగా చేస్తుంది. అరచేతి గీతల్లోకి వెళ్లదు.”

గీతలన్నీ బొగ్గుతో గీసినట్టున్నాయి. డాక్టరు సూర్యకళ పెదవి పైకి ఎత్తి చూసింది. చిగుళ్ల మీద, బుగ్గల లోపల నేరేడుపళ్లు తిన్నట్టు మచ్చలు. బొటనవేలి కింద ఒక పాత గాటు నల్లటి తాడులా ఉబ్బి ఉంది.

“ఇది ఎప్పుడు తెగింది?”

“రెండేళ్లయ్యుంటాది. కత్తిపీట తెగినాది.”

“మనిషి చిక్కిందా?”

“సగం అయిపోనాది.”

“కూర్చుని లేస్తే కళ్లు తిరుగుతాయా?”

“పొద్దున్న లెగిసినాక గోడ పట్టుకుని నిలబడతాదమ్మా. ఒకపాలి తొట్టి మీద పడిపోనాది.”

“ఉప్పు?”

గురువులు తల తిప్పి తల్లిని చూశాడు. పోతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“తింటాది,” అంది చివరికి. “ఉత్తి ఉప్పు తింటాది. గంజిలో గుప్పెడు ఏసుకుంటాది. నానే ఆపినాను డాకటరమ్మా. ఆరు రోజుల నుంచి సప్పిడి పథ్యం పెట్టినాను.”

డాక్టర్ జయమణి ఒక్క క్షణం ఆమెకేసి చూసి, కుర్ర డాక్టరు వైపు తిరిగింది.

“ముందు రక్తం తియ్యి. ఉప్పు, పొటాషియం ఇప్పుడే చూపించు. ఇంకో సీసాలో కార్టిసాల్‌కి తీసి పక్కన పెట్టు. తీసిన వెంటనే హైడ్రోకార్టిసోన్ వంద మిల్లీగ్రాములు నరంలోకి ఇయ్యి. ఆరు గంటలకోసారి.”

“రిపోర్టు రాకుండానా మేడమ్?”

“కార్టిసాల్ రిపోర్టుకి నాలుగు రోజులు పడుతుంది. అప్పటికి ఈ పిల్ల ఉండదు.”

రక్తం రిపోర్టు గంటలో వచ్చింది. ఉండాల్సిన ఉప్పు నూట ముప్పై అయిదు పైన, ఉన్నది నూట పదహారు. పొటాషియం ఆరు దాటింది. ఇంకొంచెం పెరిగితే గుండె ఆగిపోయేదని కుర్ర డాక్టరు గురువులుతో మెల్లగా చెప్పాడు.

ఇంజక్షన్ వెళ్లిన రెండు గంటలకి రక్తపోటు తొంభైకి వచ్చింది. సెలైన్ సీసాలు అప్పటిదాకా ఎక్కినవే, మార్చింది ఏమీ లేదు. ఆ చిన్న మందొకటే కొత్తది. ఒంట్లో ఉప్పు ఒక్కసారిగా పెరిగినా మెదడుకి ప్రమాదమని, సీసా వేగం తగ్గించి, పూటపూటకీ రక్తం తీసి చూశారు.

మర్నాడు పొద్దున్న సూర్యకళ దిండుకి చేరబడి కూర్చుంది. వార్డు కిటికీలోంచి హార్బరు క్రేన్లు కనిపిస్తున్నాయి. ఆమె వాటికేసి చాలాసేపు చూసింది.

“తల తిరగతన్నాదా?” అడిగాడు గురువులు.

“నేదు.” ఆమె కిటికీ వదిలి అతని వైపు తిరిగింది. “అది తిరక్కపోతే ఇలగుంటాదని మర్సిపోనాను మావా.”

*

నాలుగో రోజు డాక్టర్ జయమణి స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుంది. చేతిలో రెండు కాగితాలు, ఒక స్కానింగ్ ఫిల్ము ఉన్నాయి. పోతమ్మ మంచం కాళ్ల దగ్గర నేల మీద కూర్చుంది. గురువులు గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

“నీకు కామెర్లు లేవు. ఎప్పుడూ రాలేదు. మూత్రపిండాల మీద టోపీల్లాగా రెండు చిన్న గ్రంథులుంటాయి. ఎడ్రినల్ గ్రంథులంటారు. ఒంట్లో ఉప్పు నిలవాలన్నా, రక్తపోటు నిలబడాలన్నా, పస్తున్నప్పుడు చక్కెర పడిపోకుండా ఉండాలన్నా అవి ఊరించే రసాలే కావాలి. నీకు ఆ రెండూ పాడైపోయాయి.”

“మూడేళ్ల నుంచా అమ్మా?”

“మెల్లగా పాడయ్యాయి. పదోవంతు పనిచేస్తున్నంత కాలం మనిషి ఏదోలా లాక్కొస్తుంది. నువ్వు తిన్న ఉప్పంతా మూత్రంలో పోయేది. అందుకే ఒళ్లు ఇంకా ఉప్పు కావాలని అడిగేది. ఆ గల్లుప్పే నిన్ను ఇన్నాళ్లు నిలబెట్టింది.”

పోతమ్మ తల వంచుకుంది.

“నల్లబడ్డం ఏటమ్మా?”

“తల లోపల వీటి మీద పెత్తనం చేసే గ్రంథి ఒకటి ఉంటుంది. కిందివాళ్లు పని చెయ్యకపోతే మేస్త్రీ అరిచినట్టు, అది ఇంకా ఇంకా గట్టిగా ఆజ్ఞలు పంపిస్తుంది. ఆ ఆజ్ఞ మోసుకొచ్చే పదార్థమే చర్మాన్ని నల్లబరుస్తుంది. నువ్వు తెలివి తప్పి వచ్చినరోజు తీసిన రక్తంలో కార్టిసాల్, అంటే ఆ గ్రంథులు ఊరించే రసం, మామూలుకి రెండు మూడు రెట్లు ఉండాలి. ఒళ్లు ఆపదలో ఉంటే పెరుగుతుంది. నీకు దాదాపు సున్నా.”

సూర్యకళ తన అరచేతులు చూసుకుంది. మూడేళ్లుగా బద్ధకస్తురాలని అన్నవాళ్లందరి మాటలూ ఒకేసారి గుర్తొచ్చాయో ఏమో, కళ్ల నిండా నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు.

“అంటే నాను నటించనేదు,” అంది నెమ్మదిగా, ఎవరినీ చూడకుండా.



డాక్టరు ఫిల్మును కిటికీ వెలుగుకి ఎత్తి పట్టింది. “రెండు గ్రంథులూ ఉబ్బి ఉన్నాయి. మధ్యలో తెల్లగా సున్నపు చుక్కలు కనిపిస్తున్నాయి. మన దగ్గర ఇలా కనిపిస్తే మొదట అనుమానించేది టీబీని. ఊపిరితిత్తుల్లోకి పోయిన క్రిమి రక్తంలో కలిసి అక్కడికి చేరి, ఏళ్ల తరబడి తినేస్తుంది. ఛాతీ ఎక్స్‌రేలో కూడా పాత మచ్చ ఒకటుంది.” ఫిల్ము దించింది. “మీ ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చిందా?”

“నేదమ్మా,” అంది పోతమ్మ వెంటనే.

“నీకు తెలిసి?” డాక్టరు గురువులుని అడిగింది.

గురువులు బొటనవేలితో నేల రాశాడు. “నేదు.”

“సరిగ్గా చెప్పండి. టీబీ అయితే తొమ్మిది నెలలు మందులు వాడాలి. వాటిలో ఒక మందు, నేను ఈమెకిచ్చే స్టెరాయిడ్ మాత్రని ఒంట్లో తొందరగా కరిగించేస్తుంది. కాబట్టి మాత్ర రెట్టింపు ఇవ్వాలి. టీబీ కాదనుకుని మందు ఇవ్వకపోతే ఆ క్రిమి ఇంకెక్కడికి పోతుందో తెలీదు. మీరు చెప్పేది నాకు చాలా అవసరం.”

“నేదమ్మా. మా ఇంటా వంటా నేదు.”

డాక్టరు లేచి పక్క మంచానికి వెళ్లింది. ఆమె వెనుదిరగ్గానే పోతమ్మ నీళ్ల సీసా పట్టుకుని వరండాలోకి నడిచింది.

సూర్యకళ భర్తని చూసింది.

“మావా.”

“ఏటి?”

“మీ అయ్య ఆయాసంతో పోనాడన్నారు. ఆయాసమేనా అది?”

గురువులు దుప్పటి అంచు సర్దాడు.

“నా పెళ్లైన కొత్తలో ఏడాది పాటు నానే సేసినాను మీ అయ్యకి. తువ్వాలు నానే ఉతికినాను. ముంతలో ఎర్రగా పడేది. అడిగితే కిల్లీ అన్నారు. మీ అయ్య కిల్లీ తినగా నానెప్పుడూ సూడనేదు.”

“మెల్లగా మాటాడు.”

“నువ్వు ఎర్రమాత్రలు తెచ్చీవోడివి. పేరున్న కాగితం సింపీసి తెచ్చీవోడివి.”

గురువులు మంచం అంచున కూర్చున్నాడు.

“పోలిరాజు బావ బోటు మీద ఎనిమిది మందిమి ఒక్క కంచంలో తింటాం. ఒక్క గదిలో పడుకుంటాం. క్షయ ఇంటోడని తెలిస్తే మర్నాడు ఎక్కనిత్తాడా? అమ్మ తట్ట మోసుకెళ్లే ఇళ్లున్నాయి. క్షయ ఇంటి సేపలు ఎవులు కొంటారే? పదిహేనేళ్లు తిరిగి సంపాదించుకున్న వాడుక అది.”

“నాకు సెప్పుంటే నాను ముక్కుకి గుడ్డైనా కట్టుకునేదాన్ని.”

గురువులు తల్లి వస్తోందేమోనని వరండా వైపు చూశాడు.

డాక్టరు రౌండు ముగించుకుని గుమ్మం దాకా వెళ్లింది. సూర్యకళ చేతికి గుచ్చిన సూది పైపు లాగకుండా జాగ్రత్తగా ముందుకి వంగింది.

“డాకటరమ్మా!”

“కళా, ఒద్దే,” గురువులు ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

“మా మామకి టీబీ. రకతం కక్కి సచ్చిపోనాడు. ఆరేళ్లైనాది. నానే సేవ సేసినాను.”

వార్డులో రెండు మంచాల వాళ్లు తలలు తిప్పారు. వరండా గుమ్మంలో పోతమ్మ నీళ్ల సీసాతో నిలబడిపోయింది.

*

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు మందులు మూడు పొట్లాలుగా కట్టించింది. టీబీ మాత్రలు పరగడుపున. మూత్రం ఎర్రగా వస్తుంది, భయపడొద్దు. స్టెరాయిడ్ మాత్రలు పొద్దున్న రెండు, సాయంత్రం ఒకటి, ఏదన్నా తిన్నాక. ఉప్పు నిలబెట్టే చిన్న మాత్ర రోజుకొకటి.

“చచ్చేదాకా మానకూడదు. బాగుందని ఒక్క రోజు కూడా. జ్వరమొస్తే స్టెరాయిడ్ రెట్టింపు వెయ్యాలి. వాంతైపోయి మాత్ర నిలవకపోతే ఇది.” డాక్టరు పొడి మందున్న చిన్న గాజు సీసా, సిరంజీ ఇచ్చింది. “దగ్గరలో ఎవరు సూది వెయ్యగలిగితే వాళ్ల దగ్గరికి పరుగెత్తాలి. ఈ కార్డు ఎప్పుడూ మెడలో ఉండాలి. నువ్వు మాట్లాడలేనప్పుడు ఇదే మాట్లాడుతుంది.”

తర్వాత గురువులు వైపు తిరిగింది. “ఈమె ఒంట్లో ఉన్నది ఊపిరితో అంటేది కాదు. కానీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందేమో చూడాలి. నీ ఎక్స్‌రే బాగుంది. మీ అమ్మది తీయించు.”

“తీయిత్తానమ్మా. వచ్చే వారం.”

వీధిలో మాత్రం నీరసం మందులని చెప్పమన్నాడు గురువులు. కార్డు జాకెట్టు లోపల పెట్టుకోమన్నాడు. సూర్యకళ ఒప్పుకుంది. ఒప్పుకున్నందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

అయిదు వారాలు గడిచాయి. ఆమె ఒంటికి కండ పట్టింది. తెల్లవారకుండానే లేచి వలలు విప్పి ఆరవేస్తోంది. గోడ పట్టుకోకుండా లేస్తోంది. మొహం మీది నలుపు అంచుల దగ్గర పలచబడింది.

అత్త మాత్రం మాట్లాడడం మానేసింది. కంచంలో కూడు పెడుతుంది, ఉప్పు డబ్బా పక్కన పెడుతుంది, వెళ్లిపోతుంది. ఎక్స్‌రే మాట సూర్యకళ రెండు సార్లు ఎత్తితే రెండు సార్లూ తట్ట నెత్తిన పెట్టుకుని బయటికి నడిచింది.

*

గురువులు వేటకి వెళ్లిన మూడో రోజు తెల్లవారుజామున సూర్యకళకి విరోచనాలు పట్టుకున్నాయి. పేట కుళాయిలో వారం నుంచి బురద నీళ్లు వస్తున్నాయి. మూడు ఇళ్లలో అదే బాధ. మిగతా వాళ్లు మజ్జిగన్నం తిని పడుకున్నారు.

సూర్యకళ స్టెరాయిడ్ మాత్రలు రెండింతలు వేసుకుంది. పది నిమిషాల్లో వాంతైపోయింది. మళ్లీ వేసుకుంది. మళ్లీ పోయింది. పిక్కల కండరాలు పట్టేశాయి, కడుపులో కత్తితో కోసినట్టుంది. లేవబోతే నేల ఎదురొచ్చింది. ఆ తిరుగుడు ఆమెకి బాగా తెలిసినదే.

“అత్తా,” అంది. “సూది.”

పోతమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. కోడలి చేతులు ముట్టుకుంది. అదే చల్లదనం, అదే జిగట.

“వోడు లేడు గదే! ఏటి సెయ్యాల?”

“పెట్టెలో సీసా... ఎగువ రోడ్డు డాకటరు...”

ఆ తర్వాత మాట అందలేదు.

పోతమ్మ ఎదురింటి రిక్షా అతన్ని కేకేసింది. చేపల తట్ట ఎత్తినట్టు కోడలిని ఎత్తి రిక్షాలో పడుకోబెట్టి, సీసా, సిరంజీ కొంగులో ముడేసుకుని పక్కన కూర్చుంది. రిక్షా పేట ఎత్తు ఎక్కుతుంటే దిగి వెనకనుంచి నెట్టింది. అరవై ఏళ్ల మనిషి.

ఎగువ రోడ్డులో చిన్న క్లినిక్ ఉంది. ఏడు గంటలకి డాక్టరు రాలేదు. కాంపౌండరు దేవకుమార్ బల్ల తుడుస్తున్నాడు. బెంచీ మీద మనవరాలిని ఒళ్లో పెట్టుకుని కాలనీ సూర్యకాంతమ్మ కూర్చుని ఉంది. పోతమ్మ తట్ట మొదట దింపేది ఆవిడ గుమ్మంలోనే.

“బాబూ, బేగి ఈ సూది ఎయ్యి.”

దేవకుమార్ సీసా మీది పేరు చదివాడు. “ఇది స్టెరాయిడ్ మామ్మా. డాక్టరు గారు పదింటికొస్తారు. నేను వేస్తే రేపు నా మీదకొస్తుంది.”

“పదిదాకా ఇది బతకదు!”

“ఏం జబ్బు?”

పోతమ్మ కోడలి జాకెట్టులోంచి తాడు బయటికి లాగి కార్డు చూపించింది. అతను చదివి, సూర్యకళ నాడి పట్టుకుని చూశాడు. మొహం మారింది.

“ఇంకేం మందులు వాడుతోంది?”

పోతమ్మ కోడలి పమిట సర్దింది.

“మామ్మా, ఇంకేం మందులని అడుగుతున్నాను. తెలీకుండా నేను సూది పట్టుకోను.”

“ఏంటి పోతమ్మా,” బెంచీ మీద నుంచి సూర్యకాంతమ్మ అంది, “మీ కోడలికి కామెర్లన్నావు కదా?”

పోతమ్మ ఆవిడ వైపు చూసింది. పదిహేనేళ్ల వాడుక. కోడలి వైపు చూసింది. కనుగుడ్లు పైకి తేలిపోయి ఉన్నాయి.

“టీబీ మందులు,” అంది గట్టిగా. “దీనికి టీబీ. నా మొగుడు నుంచి అంటుకున్నాది. వోడూ దాంతోనే సచ్చినాడు. నానే దాసినాను. కామెర్లు కాదు, ఏటీ కాదు. దాని ఒంట్లో గ్రంథులు సచ్చిపోనాయి. ఈ సూది పడకపోతే ఇదీ పోతాది. ఇప్పుడెయ్యి బాబూ!”

సూర్యకాంతమ్మ మనవరాలిని గుండెకి అదుముకుని లేచింది. ఆ పిల్ల మొహానికి పమిట అడ్డం పెట్టి, వాళ్లకి దూరంగా గోడవార నడిచి బయటికి వెళ్లిపోయింది.

దేవకుమార్ నీళ్లు కలిపి మందు కరిగించి సూర్యకళ తొడ కండలోకి ఎక్కించాడు. సెలైన్ సీసా తగిలించి, ఆటో పిలిచి, పెద్దాసుపత్రికి వాళ్లతో తనే ఎక్కాడు. దారి పొడుగునా సీసా చేత్తో ఎత్తి పట్టుకున్నాడు.

*

మధ్యాహ్నానికి సూర్యకళ కళ్లు తెరిచింది. అదే వార్డు. ఈసారి మంచం కిటికీకి దూరంగా ఉంది.

డాక్టర్ జయమణి రక్తపోటు చూసి పట్టీ విప్పింది. “ఇంకో గంట ఆలస్యమైతే దక్కేది కాదు. మీ అత్తకి చెప్పు.” గుమ్మం వైపు వెళ్తూ ఆగింది. “పోతమ్మా, నీ ఎక్స్‌రే ఇంకా తీయించలేదు కదా?”

“నేదమ్మా.”

“ఇవాళే తీయిద్దాం. ఎలాగూ ఇక్కడే ఉన్నావు.”

డాక్టరు వెళ్లింది. పోతమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుంది. ఇక పోబోయే వాడుక ఇళ్ల సంగతి గానీ, సూర్యకాంతమ్మ సంగతి గానీ చెప్పలేదు. సూర్యకళకి ఆ సంగతి దేవకుమార్ వెళ్తూ వెళ్తూ చెప్పేశాడు.

“అత్తా,” అంది సూర్యకళ. “తట్ట పోనాది గదా.”

“పోనీ.”

సీసాలోంచి బొట్లు పడుతున్నాయి.

“నాకు ఆ ఫొటో ఎందుకే,” అంది పోతమ్మ. గొంతు బాగా తగ్గిపోయింది. “నాకు తెలుసు. సాయంత్రమైతే జొరం. పక్కంతా సెమట. మీ మామ పోయినకాడి నుంచీ వస్తాది, పోతాది. ఉమ్మిలో ఎరుపు రెండు సార్లు సూసినాను.”

సూర్యకళ మెల్లగా తల తిప్పింది.

“ఆరేళ్ల నుంచా?”

“ఊ.”

“ఒక్క గదిలో పడుకున్నాం. ఒక్క కుండలో నీళ్లు తాగినాం.”

“మీ మామ నుంచే అంటుకున్నాదో, నా నుంచే అంటుకున్నాదో నాకు తెల్దే. నా నుంచేనేమో అనిపిత్తాది. అందుకే నీ మొకం సూడలేకపోనాను. ఈ నెలంతా మాటాడనిది కోపం కాదు.”

సూర్యకళకి గుండె వేగం తెలుస్తూనే ఉంది. ఆవేశపడకూడదని డాక్టరు చెప్పింది. ఆవేశమొస్తే ఒంటికి ఇంకా మందు కావాలి. ఊపిరి లోపలికి లాగి, వదిలి, అడిగింది.

“మందుకెల్లొచ్చు గదా అత్తా. ఉత్తినే ఇత్తారు గదా ఇక్కడ. ఎందుకెల్లనేదు?”

పోతమ్మ కొంగు అంచు వేలికి చుట్టుకుంది, విప్పింది.

“ఎల్దామనే అన్నాను. మీ మామ పోయిన ఏడాదే అన్నాను. మొన్న నువ్వు ఆసుపత్రి నుంచొచ్చినాక మళ్లీ అన్నాను, ఫొటో తీయించరా అని.”

“మరి?”

“నీ మొగుడే వొద్దన్నాడే.”

వార్డు బయట ఎవరో పరుగున మెట్లెక్కుతున్న చప్పుడు. తర్వాత గుమ్మంలో గురువులు, ఉప్పునీళ్లకి తడిసిన చొక్కాతో, రొప్పుతూ. బోటు ఒక రోజు ముందే తిరిగొచ్చింది.

“కళా! ఏటైనాదే? అమ్మా, ఎవులికి ఏటి సెప్పినావు? రేవంతా అదే మాట, పోలిరాజు బావ ఇంక నన్ను బోటెక్కొద్దన్నాడు!”

పోతమ్మ లేవలేదు. సూర్యకళ రెండు చేతులూ మంచం మీద ఆనించి, ఎవరి సాయమూ లేకుండా లేచి కూర్చుంది.

“తలుపు దగ్గరికి ఏసి రా మావా,” అంది. “కూకో.”